బుడగ తోక

కడప మిషన్ ప్రెస్సులో పరదేశపు బొమ్మల కథకు తెలుగు అక్షరాలు రాసేది రత్నమణి. బొమ్మల్లోని మనుషుల మాటలుండే బుడగలోని ఇంగ్లీషు మీద తెల్లరంగు పూసి, ఆరాక పెన్సిల్ గీతలు గీసి, నల్లసిరాతో మన మాటలు ఇరికిస్తుంది. గుడులూ ఒత్తులూ ఉన్న భాషకు ఆ బుడగలు ఎప్పుడూ చాలవు.

ఆ పొద్దు, అచ్చు బ్లాకు చేయించడానికి మద్రాసు పంపాల్సిన పుటను ఆమె చేతిలోకి తీసుకుంది. "ఈ బావి అందరిదీ" అని నిన్న రాసిన బుడగకు బొమ్మలోని కూలివాడి వైపున్న తోక, ఆ మాట ఎవరిదో చూపే గీత, మాయమైంది. కొత్త తోక పక్కనున్న దొర నోటికి తగిలి ఉంది.

"ఎవురు గీసినారు నాయనా?"

ఆమె నాయన, ప్రెస్సు ఫోర్మన్ గాబ్రియేలు తలెత్తలేదు. "నేనే. కూలోడు ఆ మాటంటే రేపు మన పల్లెలో ఎవుర్ని కొడతారో తెల్దా?"

తెలుసు. పోయినేడు ఊరిబావిలో నీళ్లు చేదబోతే తల పగిలింది ఆయనకే.

"దొర చెప్తే దానమైతాది నాయనా."

పుటను కిటికీకి ఆనించింది. తెల్లరంగు కింద పాత తోక సన్నగా కనిపించింది. దాని మీద సిరా గీసి, దొర వైపు తోకను తెల్లరంగుతో మాపేసింది. దొర కాలరు కూడా కొంత పోయింది. గాబ్రియేలు చూస్తూ నిలబడ్డాడు, ఆపలేదు.