పరమ గౌరవంతో

మాల్టె బ్రింక్‌మన్‌కి లోకంలో శత్రువులు లేరు. ఉండే వీలు లేకుండా చేసుకున్నాడు. ఎదురుపడిన ప్రతి మనిషినీ మొదటి రోజే "నువ్వు" అనేసేవాడు. తండ్రి పోయి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆరు వాటాల ఆ పాత ఇల్లు చేతికొచ్చిన వారంలోనే అద్దెకున్నవాళ్లందరినీ మెట్ల దగ్గర పోగేసి, తలో గ్లాసు చేతికిచ్చి, "ఇకమీద మన మధ్య గార్లూ గీర్లూ వద్దు. నేను మాల్టెని. మనమంతా ఒకే కుటుంబం" అని ప్రకటించాడు.

గెజీనా హార్మ్స్‌కి అప్పుడు అరవై ఆరేళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు హైస్కూలు ఆఫీసులో కార్యదర్శిగా చేసి రిటైరైన మనిషి. పదేళ్లు పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్లతో కూడా "మీరు" అనే మాట్లాడింది. కొడుకు వయసు కుర్రాడు గ్లాసు తాకించి "నువ్వు" అంటే కాదనడం మర్యాద కాదని ఊరుకుంది. ఆ మర్యాదకి మూడేళ్ల తర్వాత, జనవరిలో, ఫలితం దక్కింది.

తొమ్మిదో తేదీ శుక్రవారం పొద్దున గదుల్ని వేడిచేసే రేడియేటర్లు చల్లబడ్డాయి. గెజీనా ఆ పూటే మెయిల్ రాసింది. "ప్రియమైన మాల్టె, హీటింగ్ ఆగిపోయింది, కాస్త చూస్తావా? ప్రేమతో, గెజీనా." పది నిమిషాల్లో జవాబు. "అయ్యో గెజీనా! వెంటనే చూస్తాను! వెచ్చని నమస్కారాలతో, నీ మాల్టె." ఆ వారంలో ఆ ఇంటికి చేరిన వెచ్చదనం అదొక్కటే.

మంగళవారం మళ్లీ రాసింది. ఈసారి జవాబు ఒక ద్వీపం నుంచి వచ్చింది. విడిభాగం ఆర్డరులో ఉందట, అక్కడ మాత్రం ఇరవై నాలుగు డిగ్రీలట. "ఎండ నిండిన నమస్కారాలతో" అని ముగించి, కింద నవ్వే సూర్యుడి బొమ్మ ఒకటి అతికించాడు. గెజీనా కోటు వేసుకుని, మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని, ఆ సూర్యుణ్ణి చాలాసేపు చూసింది. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు. ఈ అబ్బాయి కాలు ఏకంగా సముద్రమే దాటింది గానీ బాయిలరున్న బేస్‌మెంట్‌లోకి దిగే పన్నెండు మెట్లు మాత్రం దాటలేదు.

ఆమె ఒక్కతే అయితే ఇంకో రెండు మేజోళ్లు తొడుక్కునేది. కానీ ఆమె భర్త ఊల్రిఖ్ న్యుమోనియాతో మూడు వారాలుగా ఆస్పత్రిలో ఉన్నాడు. వచ్చే శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు. అదే స్కూల్లో బాయిలర్‌నీ, తాళాలనీ, పగిలిన కిటికీలనీ చూసుకున్న కేర్‌టేకర్ ఆయన. చలికాలం ఎనిమిది వందల మంది పిల్లల్ని వెచ్చగా ఉంచినవాడు.

"ఆ కుర్రాడితో గొడవ పెట్టుకోకు గెజీనా," అన్నాడు ఆదివారం, ఆస్పత్రి మంచం మీద నుంచి, రెండు మాటలకోసారి దగ్గుతూ. "మంచివాడు. నాకు పువ్వులు కూడా పంపాడు."

"పంపాడు. ఆ పువ్వులు మనింట్లో పెడితే రెండు నెలలు వాడవు. ఫ్రిజ్‌లో ఉన్నట్టే ఉంటాయి."

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉంటున్నాం అక్కడ. ఇంటాయనతో చెడితే బాగుండదు."

ఆమె సరేనంది. అదీ "నువ్వు"లో ఉన్న కిటుకు. కుటుంబంలో ఒకడిని లోపాల జాబితా రాసి ఎలా నిలదీస్తాం? ఎప్పుడూ నవ్వేవాడి మీద కోపం తెచ్చుకుంటే మనమే చెడ్డవాళ్లం అవుతాం.

సోమవారం పొద్దున ఆస్పత్రి సామాజిక విభాగం నుంచి ఫోనొచ్చింది.

"హార్మ్స్ గారూ, ఇంట్లో హీటింగ్ లేదని మీవారు మాటల్లో అన్నారు. నిజమేనా? పడగ్గదిలో ఎంతుంది?"

"పన్నెండు," అంది గెజీనా. అబద్ధాలు ఆమెకి చేతకావు, ముఖ్యంగా అంకెల్లో.

"ఆ ఊపిరితిత్తులతో పన్నెండు డిగ్రీల్లోకి డాక్టరుగారు పంపరండీ. శుక్రవారం నుంచి వృద్ధుల సంరక్షణ గృహంలో ఒక మంచం ఖాళీ ఉంది, నాలుగు వారాలకి. గురువారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి."

ఊల్రిఖ్ వాళ్లమ్మ అలాంటి గృహానికే "నాలుగు వారాలకి" వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ పైకి అనడు. ఆ వీధిలోంచి నడవాల్సి వస్తే మాత్రం చుట్టూ తిరిగి వెళ్తాడు. గెజీనా ఫోను పెట్టేసి, వంటగదిలో నిలబడి, భయపడింది. ఆ తర్వాత కోపం వచ్చింది, ఆలస్యంగానే అయినా పుష్కలంగా.

అద్దెదారుల సంఘానికి ఫోను చేసింది. అక్కడి సలహాదారు ఫిక్ గారు అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"ఇప్పటిదాకా ఏమని రాశారు?"

"కాస్త చూస్తావా అని."

"చూశాడుగా మరి, సముద్రాన్ని! వినండి. లోపం ఏమిటి, ఏ తేదీ నుంచి, ఏ గదిలో ఎన్ని డిగ్రీలు, అన్నీ రాయండి. గడువుకి తేదీ, గంట పెట్టండి. 'త్వరగా' అనే మాట వద్దు, దానికి కేలండర్లో చోటు లేదు. గడువు దాటితే మనిషిని మీరే పిలిపించి ఖర్చు ఆయన మీద వేస్తానని రాయండి. చట్టం ఒప్పుకుంటుంది. అదే కాగితం రిజిస్టరు పోస్టులో కూడా పంపండి."

"మేం ఒకర్నొకరం నువ్వు అనుకుంటాం," అంది గెజీనా చిన్న గొంతుతో.

"చట్టంలో నువ్వులూ బెల్లాలూ ఉండవండీ," అంది ఫిక్ గారు.

గెజీనా చేతి తొడుగులు విప్పి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒకసారి ఇచ్చిన "నువ్వు"ని వెనక్కి తీసుకోవడమంటే ఆ ఊళ్లో చెంప మీద కొట్టడమే. అయినా సంబోధన టైపు చేస్తుంటే, మూడేళ్లుగా బిగుసుకున్న చెప్పు విప్పినంత హాయిగా అనిపించింది ఆమెకి.

"విషయం: నివాసంలో హీటింగ్ పూర్తిగా నిలిచిపోవడం, మరమ్మతుకు గడువు.

గౌరవనీయులైన బ్రింక్‌మన్ గారికి,

జనవరి 9 నుంచి మా వాటాలోని రేడియేటర్లన్నీ చల్లగా ఉన్నాయి. ఈ విషయం మీకు 9న, 13న తెలియజేశాను. ఈ ఉదయం 7 గంటలకు పడగ్గదిలో 12, హాల్లో 14 డిగ్రీలు నమోదయ్యాయి. కొలతల పట్టిక జతచేశాను. లోపాన్ని గురువారం, జనవరి 22, మధ్యాహ్నం 12 గంటలలోగా సరిచేయించవలసిందిగా కోరుతున్నాను. గడువు దాటితే మీ ఖర్చుతో నేనే ఆ పని చేయిస్తాను. లోపం తీరేవరకు అద్దె తగ్గింపు హక్కును వదులుకోవడం లేదు. ఈ ఉత్తరం అందినట్లు తెలియజేయగలరు."

కుటుంబం అనే మాట ఎక్కడా లేదు. అనారోగ్యం ఊసూ ఎత్తలేదు. జాలి పడమని అడిగితే ఆ అబ్బాయి తప్పకుండా పడతాడు, బొమ్మతో సహా.

ఇక ముగింపు. మామూలుగా "స్నేహపూర్వక నమస్కారాలతో" అని రాస్తారు. ఆదాయపు పన్ను శాఖ కూడా అలాగే రాస్తుంది, అందులో స్నేహం ఎంతుంటుందో అందరికీ తెలుసు. గెజీనా వేళ్లు ఆగాయి. స్కూల్లో పాత హెడ్మాస్టరు దగ్గర ఇంకో మాట ఉండేది. ఎవరినైనా స్కూలు నుంచి తీసేస్తే, తల్లిదండ్రులకు వెళ్లే ఉత్తరం చివర్న మాత్రమే వాడేవాడు: "పరమ గౌరవంతో". వాళ్ల తాతల కాలంలో ఆ మాటకి అర్థం గౌరవమే. ఇప్పుడు మాత్రం, గౌరవం నిండుకుంది, ఇక వకీళ్లు మాట్లాడుకుంటారు అని అర్థం.

"పరమ గౌరవంతో" అని కొట్టింది. తర్వాత కామా పెట్టలేదు. సంబోధన తర్వాత కామా ఉండాలి, ముగింపు తర్వాత ఉండకూడదు. యుద్ధంలో కూడా నియమాలుంటాయి. కింద పూర్తి పేరు రాసి పంపేసింది. తపాలా ఆఫీసుకి వెళ్లి అదే కాగితం రిజిస్టరు కూడా చేసింది.

ఇల్లు చేరి ఇంకా కోటు గుండీ ముట్టుకోలేదు, ఫోను మోగింది. వెనక అలల చప్పుడు.

"గెజీనా! నేనేం తప్పు చేశాను?" మాల్టె నిజంగానే నొచ్చుకున్నాడు. "నువ్వు నన్ను... మీరు అన్నావు!"

"అవును బ్రింక్‌మన్ గారూ. ఉత్తరం అందిందన్నమాట."

"అందింది గానీ, మనం ఒక కుటుంబం కదా!"

"కుటుంబమైతే నాకు పన్నెండు డిగ్రీలు, మీకు ఇరవై నాలుగా? భాగాలు సరిగ్గా పంచలేదు బ్రింక్‌మన్ గారూ."



"ఆ చివరి మాటేంటో అర్థంకాక అమ్మకి పంపాను," అన్నాడు నెమ్మదిగా. "అంత గౌరవమని రాశావు కదా, మంచిదేగా అనుకున్నాను. అమ్మ ఫోన్లోనే కేకలేసింది. నాన్నకి నలభై ఏళ్లలో అలాంటి ఉత్తరం ఒక్కటే వచ్చిందట. మూడు నెల్ల తర్వాత కోర్టులో నిలబడ్డాడట. మెకానిక్‌కి అమ్మే ఫోను చేసేసింది."

"మీ అమ్మగారికి నా స్నేహపూర్వక నమస్కారాలు చెప్పండి," అంది గెజీనా. ఆ మాట మనసారా అంది.

మర్నాడు మధ్యాహ్నం కోవల్‌చిక్ అనే మెకానిక్ వచ్చాడు. బాయిలర్ బాగానే మండుతోంది, వీళ్ల వాటాకి వేడినీళ్లని నెట్టే పంపు చచ్చిపోయిందని చెప్పాడు. గెజీనా కాఫీ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది.

"విడిభాగం చివరికి వచ్చిందా అండీ?"

"రావటమేంటమ్మా? వారంగా నా వ్యాన్‌లోనే తిరుగుతోంది. ఇంత అవుతుంది, బిగించమంటారా అని ఆయనకి రెండుసార్లు మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ ఒకటి, సూర్యుడి బొమ్మ ఒకటి వచ్చాయి. దాన్ని అవుననుకోవాలా, ఆయన సెలవులో హాయిగా ఉన్నాడనుకోవాలా?"

గంటన్నరలో కొత్త పంపు బిగించి, పైకొచ్చి, ఒక్కో రేడియేటర్ మూలనున్న మరను తాళంచెవితో కాస్త తిప్పి లోపలి గాలి వదిలాడు. బుస్సుమన్న చప్పుడు ఆగి నీటి చుక్క రాగానే బిగించాడు. చేత్తో రేడియేటర్‌ని తడిమిన గెజీనా ఆ చెయ్యి ఇంక తియ్యలేదు. ఆమె ఏడుస్తోందని కోవల్‌చిక్ గమనించి, కప్పులో అయిపోయిన కాఫీని ఇంకాసేపు తాగాడు.

బుధవారం రాత్రికి గోడల చలి కూడా విరిగింది. గురువారం పొద్దున పడగ్గదిలో ఇరవై ఒకటి. ఆస్పత్రికి ఆ అంకె చెప్పింది. తర్వాత మాల్టె మెయిల్ చూసింది: "ప్రియమైన గెజీనా, అంతా సర్దుకుందిగా, మళ్లీ నువ్వు అనుకుందామా?" ఆమె జవాబు రాసింది. "గౌరవనీయులైన బ్రింక్‌మన్ గారికి, రేడియేటర్లు వేడిగా ఉన్నాయి. కృతజ్ఞతలు. స్నేహపూర్వక నమస్కారాలతో". అంతకంటే కిందికి దిగదలచుకోలేదు.

శుక్రవారం ఊల్రిఖ్ ఇంటికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు. వస్తూనే అలవాటు కొద్దీ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, తల ఊపి, మంచమెక్కాడు. ఆమె జరిగినదంతా చెప్పింది. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం కుర్రాడు. నాకు తెలుసు ఆ మాట దెబ్బ. డెబ్భై తొమ్మిది నవంబరులో మీ ఆఫీసులో హీటింగ్ పాడైతే నాకూ అదే రాశావు. గౌరవనీయులైన హార్మ్స్ గారికి అని మొదలెట్టి. నా ఉద్యోగం పోయిందనుకుని, చేతిలో పానాతోనే మెట్లెక్కి వచ్చాను."

"నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అది నిజంగా గౌరవమనే అనుకున్నాను," అంది గెజీనా. నలభై ఆరేళ్లుగా ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆమె దుప్పటి సర్ది వంటగదిలోకి వెళ్లింది. సూపు గిన్నె పొయ్యి మీద పెడుతుంటే లోపల్నుంచి, ఆమె ముప్ఫై ఎనిమిదేళ్ల ఆఫీసు గొంతుని అనుకరిస్తూ ఆయన కేక వినిపించింది.

"గౌరవనీయులైన హార్మ్స్ గారికి! ఈ గదిలో ప్రస్తుతం ఇరవై నాలుగు డిగ్రీలు నమోదయ్యాయి. నేను ఉడికిపోతున్నాను. రేడియేటర్‌ని రెండు నిమిషాల్లోగా తగ్గించవలసిందిగా కోరుతున్నాను. పరమ గౌరవంతో!"