ఒకే నీళ్లలో రెండు మందులు

కాలవ అవతలి షెడ్డులో కోళ్లు మెడలు మెలితిరిగి పడిపోతున్నాయన్న కబురు మధ్యాహ్నం వచ్చింది. పొద్దు వాలేలోపు మామగారు వెళ్లి చూసి కూడా వచ్చేశాడు.

వెళ్లకుండా ఉండలేడాయన. ఎవరికి నష్టం జరిగినా పోయి పలకరించాలి. ఆ షెడ్డు యజమాని మీసాలాయన పక్కన కాసేపు కూర్చున్నాడు. చచ్చిన కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, ఆకుపచ్చ రెట్ట చూసి, "రాణిఖేత్ తెగులే, సందేహం లేదు" అని తేల్చాడు. ఇంకో రెండు ఓదార్పు మాటలు చెప్పి అవే చెప్పులతో, అవే చేతులతో నేరుగా తమ కోడిపిల్లల షెడ్డు దగ్గరికొచ్చాడు.

కోడలు గుమ్మంలోనే ఉంది. వెనక బల్బుల కింద గుడ్లకోళ్ల పిల్లలు ఊక మీద సమంగా పరుచుకుని ఉన్నాయి. ముద్దకట్టలేదు, దూరంగా పారిపోలేదు. వేడి సరిపోయిందన్నమాట. రెండో వారం నిండుతోంది వాటికి. మర్నాడు పొద్దున్నే గంబోరో తెగులు రాకుండా టీకా మందు నీళ్లలో పట్టాలి.

"జరుగమ్మాయ్, పిల్లల్ని చూడాలి" అన్నాడు మామగారు.

"ఎక్కణ్నుంచి వస్తున్నారు?"

"మీసాలోడి దగ్గర్నుంచి. పాపం, మనిషి సగమైపోయాడు."

కోడలు అడ్డగర్ర లాగి గుమ్మానికి వేసింది. "మీరు లోపలికి రావద్దు మామయ్యా."

ఆయనకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహం జేవురించింది. "ఈ షెడ్డుకి గుంజలు పాతింది నేను."

"తెగులు గుంజల్ని ఏం చెయ్యదు లెండి, పిల్లల్నే చేస్తుంది. మీ చెప్పుల కింద ఏముందో మీకు తెలీదు, నాకూ తెలీదు. పోయి తలంటుకుని, ఆ బట్టలు వేణ్నీళ్లలో పడెయ్యండి. తర్వాత కూడా ఈ నాలుగు రోజులు బయటే ఉండండి."

ఈ బ్యాచి ఆమెది. పోయిన బ్యాచికి గంబోరో మందు వెయ్యాల్సిన వేళ "ఇప్పుడేం ముంచుకొచ్చింది" అని మామగారు వెనక్కి జరిపాడు. ముంచుకొచ్చింది గంబోరోనే. పిల్లలు ఈకలు నిక్కబొడుచుకుని, తెల్లటి నీళ్ల రెట్ట వేసుకుంటూ మూల పట్టాయి. పోయినవి పోగా మిగిలినవాటికి తర్వాత రాణిఖేత్ మందు పట్టారు. పట్టినా ఒంటపట్టలేదు, అవీ ఆ తెగులుకే పోయాయి. రోగాన్ని ఎదుర్కొనే బలం తయారయ్యే తిత్తి తోక కింద ఉంటుంది, గంబోరో తినేది దాన్నే అని పశువుల డాక్టరు ఒక పిల్లను కోసి చూపించాడు. చచ్చినవాటిని బస్తాలతో గోతికి మోసింది కోడలే. అప్పుడే మామగారు విసురుగా అన్నాడు, "నాకు చేతకాదుగా, ఇకమీదట నువ్వే చూసుకో" అని. ఆమె ఆ విసురునే మాట కింద పట్టుకుంది.

తలంటుకుని వచ్చి మామగారు అరుగు మీద కూర్చున్నాడు గానీ మనసు కుదురుకోలేదు.

"రేపు గంబోరోతో పాటు రాణిఖేత్ కూడా కలిపి పట్టెయ్. ఒకే నీళ్లు, ఒకే శ్రమ. రోగం కాలవ దాటే లోపల కట్టడి అయిపోతుంది."

"కలపను."

"గంబోరో ఎక్కడో ఉంది, రాణిఖేత్ గుమ్మం ముందుంది."

"మొదటివారంలోనే కంట్లో చుక్కలు వేశాంగా రాణిఖేత్‌కి. ఒక్కోదాన్నీ పట్టుకుని వేశాను, చేతులు పడిపోయాయి. దానికి రెండో విడత ఉంది, దాని వేళకి అదీ పట్టిస్తాను. రెండూ బతికున్న క్రిములతో చేసిన మందులే మామయ్యా. ఒకే పూట పట్టిస్తే ఒకదాన్నొకటి పనిచెయ్యనివ్వవు."

"నువ్వు చెప్తే నేను వినాలా?"

"డాక్టర్నీ అడిగాను. విడివిడిగానే అన్నాడు. ఎదురుగా తెగులుంది గనక కావాలంటే రాణిఖేత్ ముందు వేసి గంబోరో జరపండి, పిల్లల్ని చూసేది మీరు, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకున్నాను. జరపను."

అత్తగారు లోపల్నుంచి అందుకుంది. "పెళ్లైనప్పట్నుంచి ఈయన మాటకి ఎదురు చెప్పాలని చూస్తున్నా, ఒక్కసారీ కుదర్లేదు. నువ్వు కానీవే తల్లీ, నేను వింటుంటా."

"నీ నోరు మండ..." అని మామగారు మిగతాది మింగాడు.

ఆ రాత్రి మొగుడు నసిగాడు. "ఆయన మాట కూడా కాస్త..."

"ఈసారి గొయ్యి నువ్వు తవ్వుతావా?" అంది. అతను అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారింది. నీళ్లలో కలిపే శుద్ధి మందు గంబోరో మందుని చంపేస్తుందని ఆమె రెండ్రోజుల కిందటే ఆపేసింది. పిల్లలు నీళ్లు తాగే డ్రింకర్లన్నీ సబ్బు తగలకుండా వట్టి నీళ్లతో కడిగింది. లోపల నీళ్లు తీసేసి చాలాసేపైంది. పిల్లలు ఖాళీ తావుల చుట్టూ తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. దాహం తగలాలి, అప్పుడే అన్నీ ఒక్కసారి ఎగబడి తాగుతాయి. నీళ్ల ఘాటు విరగడానికి బకెట్టులో బోరు నీళ్లకి పాలపొడి కలిపి కాసేపు ఆగింది. ఐసు డబ్బాలోంచి గంబోరో సీసా తీసి, నీళ్ల అడుగున ముంచి మూత విప్పింది. తాగినవేవో తెలియడానికి నీలం రంగు గుళిక వేసి కలిపింది.

వల అవతల మామగారు నిలబడ్డాడు. చొక్కా జేబులో ఇంకో సీసా ఉంది.

"ఫ్రిజ్‌లోంచి తెచ్చా. ఇది కూడా వెయ్. నా మాట విను."

"మీ జేబులో అది ఉడికిపోతోంది."

"మాట మార్చకు! పిల్లలు పోతే ఊళ్లో తల ఎత్తుకోలేం. మీసాలోడి మొహం చూసొచ్చా నేను." వల పట్టుకున్నాడు. "రెండోసారి నేను తట్టుకోలేనమ్మాయ్."

కోడలు చెయ్యి ఆగింది. ఆయన కోపం వెనక ఉన్నదేమిటో అప్పుడు కనిపించింది. కనిపించినా బకెట్టు వదల్లేదు.

"నేనూ తట్టుకోలేను. అందుకే వెయ్యను. పోతే నా చేతిలో పోతాయి, అప్పుడు ఊరు నన్నే అంటుంది. మీరు కూడా అనండి. ఇవాళ మాత్రం ఈ నీళ్లలో గంబోరో ఒక్కటే."

డ్రింకర్లు చకచకా దించింది. షెడ్డంతా ఒక్కసారిగా చప్పుడాగిపోయింది. ముక్కులు ముంచడం, తలలెత్తి మింగడం, మళ్లీ ముంచడం.

మామగారు వలకి మొహం ఆనించాడు. ఒక్కో మూలా కళ్లతో వెతికాడు. తర్వాత అరిచాడు.

"ఆ తూర్పు మూల! అక్కడివి పడుకున్నాయి చూడు, తాగలేదవి. లేపు, నడిపించు!"

నిజమే. కోడలు వెళ్లి మెల్లగా అదిలించింది. పిల్లలు లేచి డ్రింకర్ల వైపు ఉరికాయి. కాసేపాగి ఒకదాన్ని పట్టుకుని నోరు తెరిచి వెలుగు వైపు పట్టింది. నాలుక నీలంగా ఉంది.

"ఇంకోటి చూపించు" అన్నాడాయన.

చూపించింది. ఇంకోటి. ఇంకోటి. అన్నీ నీలమే.

"రాణిఖేత్ విడత మర్చిపోతే ఊరుకోను" అన్నాడు.

"మీరు గుర్తు చెయ్యకుండా ఉంటే కదా."

అంతలో బాట మీద దాణా ఆటో మలుపు తిరిగింది. పొద్దున్నే కాలవ అవతల బస్తాలు దించి, ఎప్పట్లాగే నేరుగా షెడ్డు గుమ్మం దాకా వచ్చేస్తోంది. మామగారు పంచె ఎగ్గట్టి, అడ్డంగా పోయి నడిబాటలో నిలబడ్డాడు.

"ఆపు! ఆపవయ్యా అక్కడే! మీసాలోడి షెడ్డు తొక్కొచ్చిన చక్రం ఇటు తిరిగిందంటే చూడు!"

"ఎప్పుడూ వచ్చేవాణ్ణే కదా పెద్దాయనా" అన్నాడు ఆటోవాడు, బిక్కమొహం వేసి.

"షెడ్డు మా కోడలిది. నన్నే రానివ్వలేదు, నిన్ను రానిస్తుందా? బస్తాలు రోడ్డు మీదే దించు. నేను మోసుకుంటా."