లేతాకుపచ్చ గోడల మీద తెల్లక్షరాలు

ఆ కంటి ఆసుపత్రికి రంగులూ బోర్డులూ రూపొందించింది కోడలే. అక్షరాలు నల్లగా ఉంటే నయమేమోనని పెద్ద డాక్టరుగారు నసిగితే, "రోగులు హడలిపోతారండీ!" అని కొట్టిపారేసి, లేతాకుపచ్చ గోడల మీద తెల్లక్షరాలు రాయించింది. చూసినవాళ్లంతా ఆహా ఓహో అన్నారు.

ఇవాళ శుక్లాల పరీక్షకు అత్తగారిని తీసుకొచ్చింది. ఆవిణ్ణి గుమ్మం దగ్గర దింపి, కారు పెట్టి వచ్చేసరికి, ఆవిడ సరిగ్గా పరీక్ష గది బోర్డు కిందే నిలబడి, గోడ తడుముకుంటూ, వచ్చేపోయేవాళ్లని ఆ గదికే దారి అడుగుతోంది. వెనకాల మరో ముసలాయనా అంతే.

కోడలికి తల కొట్టేసినట్టయింది. "అత్తయ్యా, గది ఇదే."

"ఇదేనా? ఎంత చల్లగా ఉందే నీ ఆసుపత్రి!" మురిసిపోయింది అత్తగారు. "బెదరగొట్టే బోర్డు ఒక్కటంటే ఒక్కటీ పెట్టలేదు. మా కోడలి పనేనని అందరికీ చెబుతున్నా."