జూన్ ముప్ఫై ఒకటి

నాలుగింటికి పుస్తకం ఫైలు ప్రెస్సుకి వెళ్ళాలి. రెండుంబావుకి పేజీల అన్నయ్య లేచి వచ్చి ఆమె టేబుల్ పక్కన నిలబడ్డాడు. అదే వింత. ఇరవై ఏళ్ళుగా అదే గదిలో పేజీలు పెడుతున్న మనిషి, ఏదన్నా కావాలంటే కుర్చీలోంచే కేకేస్తాడు.

"కామాక్కా, నూటనలభై రెండో పేజీ ఒక్కసారి చూస్తావా?"

ఆఫీసులో ఆమెకి ఆ పేరే స్థిరపడిపోయింది. తనకంటే పెద్దవాళ్ళు కూడా కామాక్క అనే పిలుస్తారు. ప్రూఫులో కామా ఎక్కడ జారినా పట్టేస్తుందని.

"నేను రెండుసార్లు చూశాను కదా అన్నయ్యా. ఏమైంది?"

"ఏం కాలేదు. చూడమంటున్నానంతే."

గొంతు మామూలుగానే ఉంది. చేతిలోని పేజీని మాత్రం ఆమె ముందుకి తోశాడు.

పుస్తకం ఒక పడవ ప్రమాదం గురించి. నలభై ఏళ్ళ కిందట రేవు దాటే పడవ ఒకటి నడిమధ్యలో విరిగి పంతొమ్మిది మంది పోయారు. రాసింది వాళ్ళ ప్రచురణ సంస్థ యజమానికి చదువు చెప్పిన ప్రొఫెసర్. అందరికీ ఆయన మాస్టారే. నూటనలభై రెండో పేజీలో ఇలా ఉంది:

ప్రమాదానికి నాలుగు వారాల ముందు పడవను పరీక్షించిన ఇన్‌స్పెక్టర్ తన లేఖలో "అడుగు చెక్కలు గట్టిగానే ఉన్నాయి, ఈ ఏడాదికి ఢోకా లేదు" అని రాశారు.

కింద ఫుట్‌నోటు: ఇన్‌స్పెక్టర్ లేఖ, జూన్ 31, రేవు కార్యాలయం దస్త్రం.

"ఆ ఇన్‌స్పెక్టర్ మా నాన్న," అన్నాడు అన్నయ్య.

కామాక్క తలెత్తింది. ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని టీలు తాగారు. ఈ మాట ఎప్పుడూ బయటికి రాలేదు.

"మార్చమని అడగట్లేదు," అన్నాడతను గబగబా. "ఆయన రాసుంటే రాసినట్టే. ఇంట్లో మాత్రం వేరే చెప్పేవారు. చెక్కలోకి మేకు దించితే వెన్నలోకి దిగినట్టు దిగిందనేవారు. చచ్చేదాకా అదే మాట. తప్పు చేసినవాడు కూడా అలాగే చెబుతాడు కదక్కా. నమ్మాలో వద్దో నాకిప్పటికీ తెలీదు."

"నువ్వెళ్ళి కూర్చో అన్నయ్యా."

అతను కదలలేదు. ఆమె పేజీ మీదికి వంగింది. కొటేషన్ మార్కులు సరిగ్గానే ఉన్నాయి, తెరిచినవి మూసుకున్నాయి. కామా ఉండాల్సిన చోటే ఉంది. చూపు ఫుట్‌నోటు మీదికి దిగి ఆగిపోయింది.

జూన్ ముప్ఫై ఒకటి.

"ఓరి దేవుడా," అంది. "జూన్‌కి ముప్ఫై రోజులే."

రెండుసార్లు చూసి రెండుసార్లూ దాటేసింది! చెవులు వేడెక్కాయి. సిగ్గుపడడానికి ఇప్పుడు టైము లేదు. ఆ తేదీ ఇన్‌స్పెక్టరే పొరపాటున వేసి ఉండొచ్చు. మాస్టారు తప్పుగా ఎక్కించుకుని ఉండొచ్చు. లేదా మాస్టారికంటే ముందు ఇంకెవరో.

చివరి పేజీల్లో మాస్టారు వాడుకున్న పుస్తకాల పట్టీ తీసింది. రేవు గురించిన పుస్తకం ఒకటే కనిపించింది, 'రేవుదారుల చరిత్ర'. వాళ్ళ సంస్థే ముప్ఫై ఏళ్ళ కిందట వేసింది. వెనక గది బీరువాలో ఒక కాపీ ఉండాలి.

ఉంది. అట్ట ఊడి, దారంతో కట్టి ఉంది. రెండువందల పన్నెండో పుట. లేఖ మొత్తాన్ని మార్జిన్ నుంచి లోపలికి జరిపి, విడి పేరాగా వేశారు.

యజమాని మాత్రం "అడుగు చెక్కలు గట్టిగానే ఉన్నాయి, ఈ ఏడాదికి ఢోకా లేదు" అంటున్నారు. నేను మేకు దించి చూశాను. వేలితో నొక్కితే దిగింది. పడవను వెంటనే ఆపించాలని మనవి.

కింద తేదీ, జూన్ 31.

కామాక్క అక్కడే నిలబడి మూడుసార్లు చదివింది. విడి పేరాగా వేసిన ఉల్లేఖనానికి చుట్టూ కొటేషన్లు పెట్టరు, లోపలికి జరపడమే దాని గుర్తు. అందుకని పేరా మొత్తంలో కనిపించే డబుల్ కోట్లు ఆ ఒక్క వాక్యానికే ఉన్నాయి. అవి పడవ యజమాని మాటకి పెట్టినవి. మాస్టారు వాటినే లేఖకి పెట్టిన కోట్లనుకున్నారు. వాక్యాన్ని కోట్లతో సహా పెకలించి ఇన్‌స్పెక్టర్ నోట్లో పెట్టారు.

మాస్టారు ఫోను రెండో రింగుకే ఎత్తారు.

"ఏమ్మా, పుస్తకం వెళ్ళిందా?"

"ఒక చిన్న సందేహం మాస్టారూ. ఇన్‌స్పెక్టర్ లేఖ మీరు దస్త్రంలో చూశారా?"

"ఫుట్‌నోటు వేశానుగా! ఇంత వయసొచ్చాక నాకు పరీక్ష పెడుతున్నావా?"

"తేదీ జూన్ ముప్ఫై ఒకటి అని ఉందండి."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఆ దస్త్రాలు తడిసి పాడైపోయాయమ్మా," అన్నారాయన, ఈసారి నెమ్మదిగా. "రేవు పుస్తకంలోంచి కార్డు మీద రాసుకున్నాను. కార్డు మీద వాక్యం ఉంది, లేఖ వివరం ఉంది. పుస్తకం పేరు రాసుకోలేదు. తర్వాత కార్డు చూసి, లేఖే చూశాననుకున్నాను."

ఆమె పేరా మొత్తం చదివి వినిపించింది. మేకు దగ్గరికొచ్చేసరికి ఆయన "అయ్యయ్యో" అన్నారు.

"మొత్తం వెయ్యమ్మా. తిట్టాలంటే పుస్తకం వెళ్ళాక తిట్టు."

"నేనూ రెండుసార్లు దాటేశాను మాస్టారూ. ఇద్దరం కలిసి తిట్టించుకుందాం."

మూడుంబావు అయింది. కామాక్క అన్నయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని పాత పుస్తకం అతని ముందు పెట్టింది. అతను చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

"కొట్టు అన్నయ్యా. వాక్యంలో కలిపేస్తున్నాం కాబట్టి బయట డబుల్. యజమాని మాట లోపలుంది, దానికి సింగిల్."

అతని వేళ్ళు కదిలాయి. తెర మీద కొత్త వాక్యం పడింది:

ఇన్‌స్పెక్టర్ తన లేఖలో “యజమాని మాత్రం ‘అడుగు చెక్కలు గట్టిగానే ఉన్నాయి, ఈ ఏడాదికి ఢోకా లేదు’ అంటున్నారు. నేను మేకు దించి చూశాను. వేలితో నొక్కితే దిగింది. పడవను వెంటనే ఆపించాలని మనవి” అని రాశారు.

"ఇప్పుడు ఫుట్‌నోటు," అంది కామాక్క. "ఇన్‌స్పెక్టర్ లేఖ, జూన్ 31, బ్రాకెట్లో 'మూలంలో ఇలాగే'. తర్వాత, 'రేవుదారుల చరిత్ర, పుట 212లో ఉటంకింపు'."

అన్నయ్య చేతులు ఆగిపోయాయి.

"అక్కా, ఆ ఉటంకింపు ముక్క ఉండాలా? ఎవరో చెప్పగా విన్నట్టుంటుంది. లేఖ అని ఊరుకుంటే గట్టిగా ఉంటుంది కదా. మాస్టారు ఏమీ అనరు."

"అనరు. కానీ లేఖ నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు. ఇప్పుడిక ఎవ్వరూ చూడలేరు. మనం చూసింది ఈ పుస్తకాన్ని. చూడనిదాన్ని చూశామని వెయ్యబట్టే కదా మీ నాన్నగారు ఇందాకటిదాకా ఇరుక్కుపోయారు? అదే పని మనమూ చేద్దామా?"

అతను పాత పుస్తకం వైపు చూశాడు. వదులైన దారాన్ని వేలితో సర్దాడు.

"ఎవరో ఒకాయన ముప్ఫై ఏళ్ళ కిందట లేఖ చూసి రాసుకున్నాడు," అన్నాడు. "మేకు సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను."

"ఆ మాటే ఫుట్‌నోటు చెబుతుంది. అంతకంటే ఎక్కువ చెప్పదు."

"చాలక్కా."

'ఉటంకింపు' అని కొట్టి ఫుల్‌స్టాప్ పెట్టాడు. పేజీకి నాలుగు పంక్తులు పెరిగాయి. కింది బొమ్మని కాస్త చిన్నది చేసి సర్దాడు. ఆ తర్వాత పుస్తకమంతా వెతికి, మాస్టారు విడి పేరాల్లోంచి తీసుకున్నవి ఇంకేమైనా ఉన్నాయేమో ఇద్దరూ చూశారు. రెండు దొరికాయి. రెంటిలోనూ కోట్లు సరిగ్గానే ఉన్నాయి.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా సంస్థ యజమాని తలుపు దగ్గరికొచ్చాడు.

"ఏంటి, ఇంకా కామాలు ఏరుతూనే ఉన్నారా?"

"లేదండీ, ఇవాళ కోట్లు," అంది కామాక్క.

అన్నయ్య ఫైలు పంపాడు. పంపాక, నూటనలభై రెండో పేజీని ఒక్కదాన్నే ప్రింటు తీసుకున్నాడు. మడవకుండా, అట్ట ఊడిన ఆ పుస్తకంలో రెండువందల పన్నెండో పుట దగ్గర పెట్టి, దారం మళ్ళీ కట్టాడు.

"ఇవాళ ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

"రేపు తెచ్చెయ్," అంది ఆమె. "ఆఫీసులో ఉన్నది అదొక్క కాపీ."