గొడుగుల చొక్కా, పాత ముడతలు

మేడమీది గది తలుపు తోసుకుని మేనమామ లోపలికి వచ్చిన తీరు చూడగానే ఆమెకి సగం విషయం అర్థమైంది. మెడలో టేపు లేదు. చంకలో ఒక బట్ట పొట్లం ఉంది. పట్టపగలు పదకొండింటికి కత్తెర వదిలి మెట్లెక్కాడంటే, కింద కొంప మునిగిందన్నమాటే.

"తల్లీ, చిన్న సాయం."

"మావయ్యా, నువ్వు చిన్న అన్నదేదీ ఇంతవరకూ చిన్నగా లేదు."

ఆయనది కింద టైలరు కొట్టు. వీధిలో అందరూ 'రేపు టైలర్' అంటారు. కుట్టు బంగారం, మాట నీటిమీద రాత. ఆమెది పై గదిలో ఫొటోల పని. రెడీమేడ్ చొక్కాల కంపెనీ ఒకటి తెల్ల చొక్కా ఫొటో పంపుతుంది, దాంతోపాటు ముప్పై రకాల బట్టల ఫొటోలు పంపుతుంది. ముప్పై చొక్కాలు కుట్టి, తొడిగి, ఫొటోలు తీసే ఓపిక వాళ్లకి లేదు. ఒక్క తెల్ల చొక్కా మీద ఆ ముప్పై డిజైన్లూ ఎక్కించడమే ఆమె ఉద్యోగం. ముడతలు మాత్రం కదలకూడదు. ముడత పోయిందంటే చొక్కా పోయినట్టే, గోడకి అంటించిన కాగితంలా ఉంటుంది.

మావయ్య పొట్లం విప్పాడు. మీగడ రంగు బట్ట మీద ముదురాకుపచ్చ చిన్న గొడుగులు, వరసలు వరసలుగా.

"మాస్టారిది. నలభై రోజులైంది ఇచ్చి. వాళ్లావిడ ముచ్చటపడి కొన్నది. ఇవాళ నాలుగింటిలోగా తయారైన చొక్కా ఫొటో పంపకపోతే, బట్ట వెనక్కి తీసుకుని ఎదురు కొట్టుకి ఇచ్చేస్తానన్నారు."

ఎదురు కొట్టువాడు ఒకప్పుడు ఈయన దగ్గరే కాజాలు కుట్టాడు. ఇప్పుడు గాజు తలుపు పెట్టుకున్నాడు. మాస్టారు ఈయనకి ఏడో తరగతిలో లెక్కలు చెప్పినాయన, కొట్టు తెరిచిన మొదటి రోజు మొదటి చొక్కా ఇచ్చినాయన. ఈ గుమ్మం దాటి మాస్టారు ఆ గుమ్మం ఎక్కితే చాలు, వీధి మొత్తం చూస్తుంది. మావయ్య మొహంలో భయం అదీ.

"ఎంతవరకు కుట్టావు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"కత్తిరించావా అసలు?"

"కత్తిరించాలనే తీశాను."

"అంటే కుట్టని చొక్కాకి ఫొటో కావాలి నీకు. ఇది అబద్ధం కదా మావయ్యా."

"అబద్ధం ఎందుకవుతుంది? రేపటి నిజం. కాస్త ముందు చూపిస్తున్నాం, అంతే."

ఫోన్లో ఒక పాత ఫొటో తీసి చూపించాడు. బొమ్మకి తొడిగిన తెల్ల చొక్కా. పోయినేడు మాస్టారికే కుట్టింది, కొలతలు అవే. ఎడమ మోచేతి దగ్గర మూడు ముడతలు, బొడ్డు పైన ఏటవాలుగా ఒకటి, భుజం దగ్గర చిన్న గుంట. ఆమె కళ్లు మెరిశాయి. పనికి ఇంతకన్నా మంచి ఫొటో దొరకదు. తెల్ల బట్ట మీద నీడ దాక్కోలేదు.

"ఇది ఎవరికైనా పంపావా?"

"నా ఫోన్లోనే ఉంది తల్లీ."

అడిగినదానికి అది జవాబు కాదని ఆమెకి మర్నాటికి గాని తట్టలేదు.

మొదటి తప్పు మావయ్యే చేశాడు. బట్టని టేబుల్ మీద పడేసి, ఫొటో తీసి ఇచ్చాడు. నలభై రోజులు మడతపెట్టి ఉంచిన బట్ట, దాని మీద మడతలు చారల్లా పడి ఉన్నాయి. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈ మడతలు కూడా వెళ్లి చొక్కా మీద కూర్చుంటాయి. డిజైను మాత్రమే బట్టది, ముడతలు చొక్కావే ఉండాలి. ఇస్త్రీ చేసుకురా."

మావయ్య ఇస్త్రీ చేశాడు. కిటికీ పక్కన బట్ట పరిచి, ఆమె కుర్చీ ఎక్కి నిటారుగా పైనుంచి ఫొటో తీసింది. పక్కన స్కేలు పెట్టించింది.

"స్కేలెందుకు?"

"గొడుగు ఎంతుందో తెలియాలిగా. లేకపోతే మాస్టారి చాతీ మీద ఒకే గొడుగు విప్పుకుంటుంది."

గొడుగుకీ గొడుగుకీ మధ్య అంగుళన్నర. కాలరు పొడవు మావయ్యకి కంఠతా వచ్చు. ఆ లెక్కన డిజైను పరిమాణం కుదిరింది. చొక్కాని ముక్కలుగా వేరు చేసింది. చేతులు విడిగా, కాలరు విడిగా, ముందు భాగం విడిగా. చేతుల్లో బట్ట చేయి పొడవునా నడుస్తుంది కాబట్టి అక్కడ గొడుగుల వరస కూడా చేయి వాలు పట్టాలి. తర్వాత తెల్ల చొక్కా ఫొటోని నలుపు తెలుపు చేసి కాస్త మసక చేసింది. ఆ మసక ఫొటోలో వెలుగూ నీడా ఎక్కడ ఎలా ఉన్నాయో దాన్నిబట్టి గొడుగుల వరస కొంచెం జరుగుతుంది, వంగుతుంది. మసక చేయకపోతే దారం దారానికీ గొడుగు వణుకుతుంది. ఆఖర్న తెల్ల చొక్కా నీడల్నే మళ్లీ పైన కప్పింది.

మోచేతి దగ్గర ఒక గొడుగు ముడతలోకి సగం మునిగి, అవతల తేలింది.

మావయ్య తెర మీదికి వంగాడు. "ఇది నేనెప్పుడు కుట్టానే?"

మూడున్నరైంది. జేబు మిగిలింది. జేబుని కూడా విడిగా తీయాలి. ఆమెకి తెలుసు. అసలు చొక్కా మీద జేబు వేరే ముక్క, డిజైను అక్కడ తెగుతుంది, గొడుగు సగం కనిపించి సగం మాయమవుతుంది. కానీ టైము లేదు. ముందు భాగం మీద పరిచిన గొడుగుల్నే జేబు మీదుగా, బొత్తాల పట్టీ మీదుగా అలాగే వదిలేసి, బొత్తాల్ని మాత్రం పైకి తెచ్చింది. కుట్టు గీతల్ని తెల్ల చొక్కా నీడలే చూపిస్తాయి. చాలు.

మూడు నలభై ఐదుకి ఫొటో వెళ్లింది. నాలుగింటికి మాస్టారే వచ్చారు.

ఆమె అప్పుడే కిందికి దిగింది. కత్తిరించని బట్ట టేబుల్ మీదే ఉంది. ఏం చేయాలో తోచక దాని మీద తన చున్నీ పరిచి, ముందు నిలబడింది.

మాస్టారు స్టూలు మీద కూర్చుని, ఫోను ఒక చేత్తో, కళ్లజోడు ఒక చేత్తో పట్టుకున్నారు.

"ఒరేయ్, ఈ జేబు నువ్వే వేశావా?"

"నేనే మాస్టారూ."

"జేబు అంచు మీద గొడుగు చూశావా? కర్ర జేబు మీద ఉంది, పైభాగం చొక్కా మీద ఉంది. వెంట్రుకంత తేడా లేదు. పట్టీ దగ్గరా అంతే. ముప్పై ఏళ్లుగా నీ దగ్గర కుట్టిస్తున్నాను, ఎప్పుడైనా ఇలా కలిపావా? అడిగితే, తీరిక ఉన్నవాళ్లు చేసే పని అన్నావు."

మావయ్య మేనకోడలి వైపు చూశాడు. ఆమె గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. పనిలో తను చేసిన బద్ధకం, ఈయన వృత్తిలో అందరికీ చేతకాని పనితనం అయి కూర్చుంది.

"సరే, చొక్కా ఇచ్చెయ్. తీసుకుపోతాను."

"బొత్తాలు మిగిలాయి మాస్టారూ."

"ఫొటోలో ఏడు ఉన్నాయి కదరా."

"అవి... ఎలా ఉంటాయో చూద్దామని పెట్టినవి. అసలువి వేరే."

మాస్టారు ఫొటోలోని బొత్తాలని, తర్వాత మావయ్యని, తర్వాత చున్నీని చూశారు. లేచారు.

"రేపు పదింటికి మా ఆవిణ్ణి తీసుకొస్తాను. ఈ జేబు ఆవిడకి చూపించాలి. ఫొటోలో ఎలా ఉందో అలాగే."

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, మావయ్య మేనకోడలి వైపు తిరిగాడు.

"నా కొంప ముంచావు కదే."

"ముంచింది నువ్వు. నేను ముడతలు కూడా సరిగ్గా ఉంచాను."

"ఆ ముడతలతో నాకేం పని? ఈ గొడుగులు కలపాలంటే మూడు మీటర్లు ఉండాలి. ఉన్నది రెండుంబావు."

తిట్టుకుంటూనే చాక్ తీశాడు. ఆమె ఫొటోని పెద్దది చేసి ఎదురుగా నిలబెట్టింది. ముందు భాగాలు రెండూ, బొత్తం పెడితే ఏ గొడుగు ఏ గొడుగు మీదికి వస్తుందో చూసుకుని గీశాడు. కత్తిరించాక, జేబు కొలతకి కోసిన కాగితాన్ని జేబు వచ్చే చోట పెట్టి, కింద ఏ గొడుగు ఎక్కడ పడిందో దాని మీద గీసుకున్నాడు. ఆ కాగితాన్ని మిగిలిన ముక్కల మీద జరుపుతూ వెళ్లాడు. గీత మీద గొడుగు పడాలి. పడదు. తిప్పితే గొడుగు తలకిందులవుతుంది.

"ఇదిగో మావయ్యా, చంక పక్కన మిగిలిన ముక్క."

పడింది. చుట్టూ మడతకి అరంగుళం వదిలేసరికి ఆ ముక్కలో గోరంత బట్ట మిగిలింది. మావయ్య కత్తెర పెట్టేముందు కళ్లు మూసుకున్నాడు. ఆయన బట్టకి భయపడడం ఆమె చూడడం అదే మొదలు.

మర్నాడు తెల్లారగానే మిషను మోగింది. పదింటికి ఐదు నిమిషాల ముందు ఏడో బొత్తం పడింది.

మాస్టారి భార్య జేబు మీద వేలు పెట్టి గొడుగు కర్ర వెంట నడిపింది. వేలు అంచు దాటింది, ఎక్కడా తట్టుకోలేదు.

"ఈయనకి ఇంత మంచి చొక్కా ఎందుకండీ" అంది మావయ్యతో. "నాకే జాకెట్టు కుట్టాల్సింది."

మాస్టారు చొక్కా తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగారు. తర్వాత నింపాదిగా ఫోను తీసి టేబుల్ మీద పెట్టారు. తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నిన్నటి గొడుగుల చొక్కా. రెండోది పోయినేడు మావయ్యే ఆయనకి పంపిన తెల్ల చొక్కా.

మేనకోడలు మావయ్య వైపు చురుగ్గా చూసింది.

"ఎడమ మోచేతి దగ్గర మూడు ముడతలు, ఇక్కడా మూడు. బొడ్డు మీద ఏటవాలుది, ఇక్కడా ఉంది. ఏడో తరగతిలో పక్కవాడి పేపరు దించావు, గుర్తుందా? వాడు కొట్టేసిన లెక్క కూడా కొట్టివేతతో సహా దించావు. ముడత కూడా కాపీ కొడతావేంరా?"

మావయ్య మెడలో టేపు సర్దుకున్నాడు.

"ముడతలు ఉంచింది నేనే మాస్టారూ" అంది ఆమె. "మా పనిలో అవి పోకూడదు."

"తెలుస్తూనే ఉందమ్మా. నీకు నూటికి నూరు. వీడికే సున్నా పడాలి." చొక్కా జేబు తడుముకున్నారు. "కానీ ఈ జేబుకి కొన్ని మార్కులు వెయ్యక తప్పదు."

"నిన్న నాలుగింటికే తెలుసా మీకు?" అన్నాడు మావయ్య.

"తెలియకేం. నలభై రోజులు తిట్టాను, కదిలావా? వెళ్లి ఎదురు కొట్టుకి ఇద్దామనే బయల్దేరాను. దార్లో ఈ ఫొటో వచ్చింది. పట్టుకుని నిలదీస్తే మళ్లీ రేపు అంటావు. పొగిడితే తప్పించుకోలేవు."

మాస్టారి భార్య సంచిలోంచి ఇంకో పొట్లం తీసి టేబుల్ మీద పెట్టింది. ఈసారి నీలం చారలు. మావయ్య దాన్ని చూసి, అలవాటు కొద్దీ "రేపు" అనబోయి, పెదవి కొరుక్కున్నాడు.

"దీనికీ ముందు ఫొటో చెయ్యమ్మా" అన్నారు మాస్టారు ఆమెతో. "నాకు పంపొద్దు. వీడికి పంపు."

ఆమె ఫోను తీసి కెమెరా తెరిచింది.

"అయితే మాస్టారూ, అలా వెలుగులో నిలబడి ఎడమ చెయ్యి ఒక్కసారి మడిచి దింపండి. ఆ పాత ముడతలు ఇక పనికిరావు."