ఏ మందన్నా పడలేదా?

ప్రొద్దుటూరులో మా నర్సింగ్ హోముకు ఎవరొచ్చినా ముందు అడిగేది అఫ్సానా ఉందా అనే. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే సూదులేస్తున్న ఈ రత్నమణి వాళ్ల కంటికి ఆనదు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల, మంచం అంచున కూర్చుని ఇంటి సంగతులన్నీ అడుగుతుంది. మా డాక్టరమ్మ ఊరుకుందా? "అందరూ అఫ్సానా మాదిరి అడగండి" అంది. ఆ రోజు నుంచి నాకు ఒళ్లు మంటే. దాచుకోవడమెందుకు, ఆ పిల్లను చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

ఆ మంగళవారం పొద్దున చాపాడు నుంచి రహమత్‌బీని తెచ్చారు. కాలు చీము పట్టి వాచింది. వెంట కోడలు గౌసియా. డాక్టరమ్మ పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ రాసింది. నేను కేస్ షీటు పట్టుకుని అడిగాను.

"పెద్దమ్మా, అలర్జీ ఏమన్నా ఉందా?"

"అట్లాంటివేం లేవు తల్లీ, షుగర్ కూడా లేదు" అందామె. 'అలర్జీ: లేదు' అని రాసేశాను. గౌసియా అప్పుడు మందుల షాపుకు పోయింది. చేతికి టెస్ట్ డోసు వేస్తే పొంగు రాలేదు. అది బాగుంటే ఇక భయం లేదని మాలో చాలామందికి ధీమా. నాదీ అంతే.

సిరంజి పట్టుకుని పోతుంటే అఫ్సానా ఎదురొచ్చింది.

"అక్కా, ఇంతకు ముందు ఏ మందన్నా, ఏ సూదన్నా పడలేదా అని అడిగినావా? అలర్జీ అంటే శానామందికి తెలీదు."

గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించిందట! "నువ్వు పుట్టకముందు నుంచే ఈ పని చేస్తాండా. పో, నీ పని చూసుకో" అన్నాను. నిజానికి ఆ ప్రశ్న మంచిదని అప్పుడే తెలుసు. చెప్పింది ఆ పిల్ల కాబట్టే అడగలేదు.

మందు సగం కూడా ఎక్కలేదు. రహమత్‌బీ అరచేతులు గోక్కుంది. "ఏందో అయితాంది తల్లీ... గొంతు పట్టేస్తాంది." మెడ మీద దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి, ఊపిరిలో పిల్లికూతలు. మందు ఆపి సిరంజి తీసేశాను. నరంలో పెట్టిన సూదిని మాత్రం అట్లే ఉంచాను. డాక్టరమ్మను పిలవమని కేక వేశాను. నాడి పరుగెత్తుతోంది, బీపీ డెబ్బై.

నా చెయ్యి అలవాటుగా దురద తగ్గించే సూది మీదికి పోయింది. అంతలో అఫ్సానా ఎమర్జెన్సీ ట్రేతో వచ్చి పక్కన నిలబడింది.

"అది తర్వాతక్కా. ముందు అడ్రినలిన్, తొడకు."

మళ్లీ ఈ పిల్ల మాటేనా అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆమె ఊపిరి అందక గిలగిల్లాడుతుంటే కూడా అనిపించింది. కానీ రహమత్‌బీ నా కొంగు పట్టుకుంది. అఫ్సానా చూపిన చిన్న గాజు ఆంపూల్ మీది పేరు, డోసు ఇద్దరం పైకి చదివాం. అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు, నడిమిన, కండలోకి వేసి టైము చూశాను.

లేవబోతున్న ఆమెను లేవనీయకుండా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టాం. ఆక్సిజన్ పెట్టి, సెలైన్ వేగంగా వదిలాం. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఐదు నిమిషాలైనా బీపీ ఎక్కకపోతే రెండో డోసు వేయమంది. వేశాను. మెల్లగా పిల్లికూతలు తగ్గాయి, బీపీ నూరు దాటింది.

"శభాష్ రత్నమణీ! అనుభవమంటే ఇదీ" అంది డాక్టరమ్మ. ఎన్నేళ్లుగానో ఆ మాట కోసం కాచుకున్నాను. అది నా నోట్లో వేపాకులా ఉంది.

గౌసియా అప్పుడే వచ్చి బావురుమంది. "రెండేండ్ల కింద ఊర్లో పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి పడిపోయింది మేడమ్! ఆ సూది పడదని మాకు తెల్సు!"

డాక్టరమ్మ కేస్ షీటు తిప్పింది. 'లేదు' అన్నది నా చేతిరాతే. "అడగలేదా?"

"అడిగింది మేడమ్. పెద్దామెకే అలర్జీ అంటే..." అఫ్సానా నన్ను కాయబోయింది. ఆమె మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కుళ్లు పుట్టింది అప్పుడే. మంచితనంలోనూ నాకంటే ముందేనా!

"లేదు మేడమ్," అన్నాను. "ఎట్ల అడగాల్నో ఈ పిల్ల ముందే చెప్పింది. చెప్పింది ఈ పిల్ల కాబట్టే నేను అడగలేదు. మొదట అడ్రినలిన్ అన్నదీ ఈ పిల్లే."

డాక్టరమ్మ ఎర్ర పెన్ను నా చేతికిచ్చింది. 'లేదు' మీద ఒక గీత కొట్టి, 'పెన్సిలిన్ పడదు' అని రాసి, టైము వేసి సంతకం పెట్టాను. జరిగింది జరిగినట్టు వేరే కాగితం మీద రాసిచ్చాను. ఒక రోజంతా రహమత్‌బీని కనిపెట్టుకుని ఉండాలని డాక్టరమ్మ అంటే నేనే ఉంటానన్నాను.

సాయంత్రం దువ్వూరు నుంచి ఇంకో పేషెంటు వచ్చాడు. షీటు తీసుకుని మంచం అంచున కూర్చున్నాను.

"అప్పా, ఇంతకు ముందు నీకు ఏ మందన్నా, ఏ సూదన్నా పడలేదా?"

గుమ్మంలో అఫ్సానా వింటోంది. ఆ ప్రశ్న తనదని ఇద్దరికీ తెలుసు. అది నాకు ముందు తట్టలేదని ఇప్పటికీ కడుపు మండుతుంది. మండితే మండనీ, అడగడం మాత్రం మానను.