నాలుగంగుళాల తేడా

ఉత్తరం మా కోడలు చదివి వినిపించింది. నా చదువు మూడో తరగతితో ఆగింది. అచ్చయితే కూడబలుక్కుంటాను గాని చేతిరాత నాకు కొరుకుడు పడదు.

"ధర్మకర్తగారికి నమస్కారాలు. నేను ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మీ గుడిని కొలిచి, ఫోటోలు తీసి, పటం గీయాలి. రెండు రోజులు చాలు. పూజ వేళల్లో రాను. గర్భగుడిలో అడుగు పెట్టను, స్వామి ఫోటో తీయను. అరవై ఏళ్లనాటి సర్వే పుస్తకంలో స్వామి ఎత్తు పీఠంతో కలిపి మూడడుగుల పదంగుళాలని ఉంది. ఆ ఒక్క కొలతా పూజారిగారు తీసి చెబితే సరిచూసుకుంటాను."

కాలేజీవాళ్ల ముద్ర కూడా ఉంది. కోడలి చేత "సరే" అని రాయించి సంతకం పెట్టాను.

ఆ పిల్ల చెప్పిన వేళకే వచ్చింది. నేనూ కోడలూ అప్పటికే మండపంలో కూర్చుని ఉన్నాం. టేపు, కాగితాలు బిగించిన పలక, మెడలో కెమెరా. ప్రాకారం, మండపం, స్తంభాలు ఒక్కోటీ కొలుచుకుంటూ పోయింది. పూజారి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మాది ముప్పై ఏళ్ల స్నేహం.

"ఏమ్మా, స్వామికి చొక్కా కుట్టిస్తావా, ఇన్ని కొలతలు?" అన్నాడు.

"లోపలి కొలత మీరు తీస్తే కుట్టిస్తా తాతగారూ."

ఆయన నవ్వుతూ టేపు పట్టుకుని లోపలికెళ్లాడు. నేల మీద టేపు ఆనించి, కిరీటం దాకా పట్టి, దీపం దగ్గరికి వంగి చూశాడు.

"మూడడుగుల ఆరు."

"మళ్లీ చూస్తారా?"

మళ్లీ చూశాడు. మూడడుగుల ఆరే.

పిల్ల పలక వంక చూసింది, నా వంక చూసింది. నాలుగంగుళాలు. రాయి అరిగితే నాలుగంగుళాలు అరుగుతుందా? మరి లోపలున్నది ఎవరు? ఇన్నేళ్లూ నేను దణ్ణం పెట్టింది ఎవరికి? ఆ గుమ్మం దాటేవాడు ఒక్కడే. నా నోరు నా మాట వినలేదు.

"పంతులూ, తాళం ఇంకెవరి చేతికైనా ఇచ్చావా?"

అంతే అన్నాను. కోడలు "మామయ్యగారూ" అని ఆగిపోయింది. పూజారి టేపు వదిలేశాడు. అది సర్రున చుట్టుకుని డబ్బాలోకి పోయింది.

"ఇవ్వలేదు," అన్నాడు.

ఆ పిల్ల గర్భగుడి గడప ముందు చతికిలబడి, బయటివైపు నించి దాన్ని కొలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు అదెందుకమ్మా అందామనుకున్నాను.

"తాతగారూ, పుస్తకంలో గడప ఎత్తు తొమ్మిదంగుళాలు. ఇప్పుడు అయిదే ఉంది. గడప కూడా నాలుగే తగ్గింది. ఇక్కడ నేల ఎప్పుడైనా ఎత్తు చేశారా?"

కోడలు నా వంక చూసింది. పూజారి చూడలేదు.

చేశాను. పన్నెండేళ్ల కిందట వానకి లోపల నీళ్లు నిలుస్తున్నాయని, లోపలా మండపంలోనూ సిమెంటు పోయించి బండలు పరిపించాను. బండలు నా దుకాణంలోవే, మేస్త్రీ నా మనిషే. పీఠం అడుగుభాగం బండల కింద పూడిపోయింది. స్వామి తగ్గలేదు, నేల లేచింది. ఊళ్లో ఎవరింటి నేల ఎంత లేచిందో చూడగానే చెబుతాను నేను. ఇది నాకు గుర్తు రాలేదు.

"తప్పయింది పంతులూ," అన్నాను అందరి ముందే. "కొలత వినేసరికి తల తిరిగిపోయింది."

ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు.

"రోజూ ఈ చేతులతో నీళ్లు పోసి తుడిచే విగ్రహం. మారితే ముందు తెలిసేది నాకు. 'ఇది మన స్వామేనా?' అని అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అది అడగలేదు. తాళం సంగతి అడిగారు."

పిల్ల తల వంచుకుని, "తేడా ఎందుకొచ్చిందో పటం మీద ఏమని రాయమంటారు?" అంది.

"నేల ఎత్తు చేశారని రాయమ్మా. అది నిజమేగా," అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "పూజ వేళయింది. మీరు కాస్త పక్కకి జరుగుతారా?"

జరిగాను. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను 'మీరు' అనడం ఆ రోజే మొదలు. ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాడు.